గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్, క్రాస్‌ఫేడ్: ఆగని సంగీతానికి అతుకులు

ఆల్బమ్‌లో ఒక ట్రాక్ ముగిసి తర్వాతిది మొదలయ్యే చోటును ప్లేయర్ రెండు రకాలుగా దాటగలదు. మొదటి ట్రాక్ చివరి శాంపిల్‌ను వినిపించి, ఆ వెంటనే రెండో ట్రాక్ తొలి శాంపిల్‌ను అందుకుంటే అది గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్. మొదటి ట్రాక్ చివరి కొన్ని సెకండ్లను మెల్లగా తగ్గిస్తూ, రెండో ట్రాక్ మొదటి కొన్ని సెకండ్లను అదే సమయంలో పెంచుతూ రెంటినీ ఒకదానిపై ఒకటి పరిస్తే అది క్రాస్‌ఫేడ్. రెండింటిలోనూ మధ్యలో నిశ్శబ్దం ఉండదు కాబట్టి చాలామంది వీటిని ఒకే పనికి రెండు పేర్లనుకుంటారు. నిజానికి మొదటిది సంగీతాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది. రెండోది దాన్ని మార్చేస్తుంది. సినిమా పాటల జాబితాకు ఆ మార్పు బాగానే ఉంటుంది. కచేరి రికార్డింగుకు మాత్రం అది తాళాన్ని విరుస్తుంది.

నిజామాబాద్‌లో నీలకంఠేశ్వరుడి పేరే పేటకు పేరైన కంఠేశ్వర్‌లో ఈ తేడాను నేను చెవులారా విన్నాను. ఉత్సవం పందిట్లో మైక్‌సెట్ ఆపరేటర్ ఫోన్‌లోంచి పాటలు వేస్తున్నాడు. ముందురోజు పెళ్లిలో డాన్స్ పాటలకు పెట్టుకున్న క్రాస్‌ఫేడ్ అలాగే ఉంది. ఆ ఫోన్‌లోనే పొద్దున కచేరి ఆల్బమ్ వేశాడు. పల్లవి ముగిసి తని ఆవర్తనం మొదలయ్యే చోట రెండు మృదంగాలు ఒకదానిమీద ఒకటి పడ్డట్టయింది. పందిరి గుంజకు ఆనుకుని తొడమీద తాళం వేస్తున్న ఒక పెద్దాయన చేయి గాల్లోనే ఆగిపోయింది. "సమం ఏడబోయింది బిడ్డా?" అని అడిగాడు. ఆపరేటర్ ఫోన్ తిప్పి చూసి, "పాట ఆగలేదు కద పెద్దాయనా" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. పాట ఆగలేదు, సమం పోయింది.

కచేరిలో ఆగనిదేది

పాశ్చాత్య సంగీతంలో ఈ సమస్యకు చక్కని ఉదాహరణ మెండెల్‌సన్ 1844లో రాసిన ఇ మైనర్ వయొలిన్ కన్చెర్టో. మొదటి భాగం చివరి స్వరసమ్మేళనం మీద అందరూ ఆగిపోయినా బసూన్ ఒక్కటే ఒక స్వరాన్ని పట్టుకుని రెండో భాగంలోకి నడిపిస్తుంది. సీడీలో ఆ రెండూ వేర్వేరు ట్రాకులు. మధ్యలో సెకండులో పదో వంతు ఖాళీ వచ్చినా ఆ ఒంటరి స్వరం తెగుతుంది. రాక్ సంగీతంలో పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' కూడా ఇలాంటిదే. పాటలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తాయి.

మన కచేరిలో ఆ బసూన్ పని తంబుర చేస్తుంది, అదీ ఒక్క చోట కాదు, మొదటి నుంచి చివరిదాకా. గాయకుడు ఊపిరి తీసుకున్నా, వయొలిన్ ఆగినా, మృదంగం ఇంకా మొదలుకాకపోయినా శ్రుతి సాగుతూనే ఉంటుంది. అందుకే కచేరి రికార్డింగులో నిజమైన నిశ్శబ్దం దాదాపు ఎక్కడా ఉండదు. సినిమా పాట చివర సహజంగానే ధ్వని చచ్చిపోతుంది కనుక అక్కడ పావు సెకండు ఖాళీ వచ్చినా చెవి పట్టించుకోదు. తంబుర మీద అందులో అయిదో వంతు ఖాళీ కూడా వస్త్రంలో చిల్లులా కనబడుతుంది.

రాగం తానం పల్లవిని ఆల్బమ్‌గా విడుదల చేసేటప్పుడు సాధారణంగా రాగాలాపన ఒక ట్రాకు, తానం ఒకటి, పల్లవి ఒకటి, తని ఆవర్తనం ఒకటిగా కోస్తారు. పాడేవారి దృష్టిలో ఇది ఒకే రచన. వినేవాడు తానం దగ్గరికి నేరుగా వెళ్లడానికి వీలుగా మాత్రమే ఈ కోత. త్యాగరాజ పంచరత్న కీర్తనలను ఆరాధన నాడు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల వరుసలో గోష్ఠిగా పాడతారు. అక్కడ కీర్తనకూ కీర్తనకూ నడుమ రాగం మారుతుంది గాని శ్రుతి మారదు. తెలంగాణలో ఒగ్గుకథ రికార్డింగుల సంగతీ ఇంతే. కథకుడి వచనం డోలు దెబ్బలోకి, డోలు పాటలోకి జారుతుంది. దాన్ని భాగాలుగా కోసినప్పుడు అతుకు ఎప్పుడూ ఏదో ఒక ధ్వని నడుమనే పడుతుంది.

ఖాళీ ఎక్కడ పుడుతుంది

ప్లేయర్ ఒక ఫైలు మూసి ఇంకో ఫైలు తెరవడానికి ఆలస్యం చేస్తుంది కాబట్టే ఖాళీ వస్తుందని చాలామంది అనుకుంటారు. పాత ప్లేయర్లలో, మైక్‌సెట్ వాళ్ల యూఎస్‌బీ యాంప్లిఫయర్లలో, కార్ స్టీరియోలలో ఇది నిజమే. కొన్నింటిలో ఆ ఆలస్యం సెకండు దాకా పోతుంది. తర్వాతి ఫైలును ముందే తెరిచి సిద్ధంగా ఉంచుకోవడమే దానికి మందు. ఐపాడ్‌కు ఈ సౌకర్యం 2006లో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో తర్వాతి పాటను ముందే వరుసలో కట్టే వీలు 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌తో యాప్ రాసేవాళ్లకు దొరికింది.

అయితే ప్లేయర్ ఎంత చురుకైనదైనా ఎంపీ3లో మరో ఖాళీ ఉంటుంది. అది ఫైలు లోపలే ఉంటుంది. ఎంపీ3 ధ్వనిని విడివిడి శాంపిళ్లుగా కాక 1152 శాంపిళ్ల మూటలుగా దాస్తుంది. ఒక్కో మూటను ఫ్రేమ్ అంటారు. పాట నిడివి 1152తో సరిగ్గా భాగించబడదు కనుక చివరి మూట నిండకపోతే దాన్ని నిశ్శబ్దంతో నింపాలి. పైగా ఎన్‌కోడర్ లెక్క కట్టే తీరువల్ల ఫైలు మొదట్లోనూ కొంత నిశ్శబ్దం చేరుతుంది. ఎక్కువగా వాడే లేమ్ ఎన్‌కోడర్ మొదట 576 శాంపిళ్లు చేర్చుతుంది. వినిపించేటప్పుడు డీకోడర్ తన వంతుగా ఇంకో 529 శాంపిళ్లు వెనక్కి జరుపుతుంది.

ఒక కచేరి లెక్క కట్టి చూస్తే ఇది తేటపడుతుంది. రాగాలాపన సరిగ్గా 18 నిమిషాల 20 సెకండ్లు, అంటే 1100 సెకండ్లు ఉందనుకుందాం. సీడీ కొలతలో సెకండుకు 44,100 శాంపిళ్లు కనుక మొత్తం 4,85,10,000 శాంపిళ్లు. దీనికి మొదటి 576 కలిపి 1152 చొప్పున మూటలు కడితే 42,110వ మూట నిండడానికి ఇంకా 144 శాంపిళ్లు తక్కువవుతాయి. చివర అంత కొంచెం నింపితే డీకోడర్ జరుపుడు వల్ల అసలు పాటే తెగిపోతుంది. అందుకని లేమ్ ఇంకో పూర్తి మూట చేర్చి చివర 1296 శాంపిళ్లు నింపుతుంది. వెరసి 42,111 మూటలు. అసలు పాట కంటే 1872 శాంపిళ్లు ఎక్కువ. ఇది సెకండులో వెయ్యింట 42 వంతులు, మన వాడుకలో 42 మిల్లీసెకండ్లు.

ఈ 42 మిల్లీసెకండ్లు అతుకు దగ్గర రెండు వైపుల నుంచీ చేరుతాయి. ఆలాపన ట్రాకు చివర 767 శాంపిళ్లు మిగులుతాయి. తానం ట్రాకు మొదట 576కు 529 కలిసి 1105 శాంపిళ్లు వస్తాయి. కలిపితే అదే 1872. తాళానికి ఇది పెద్ద దెబ్బ కాదు. మధ్యమకాలంలో ఒక అక్షరానికి ముప్పావు సెకండు పడుతుందనుకుంటే ఇది అందులో దాదాపు పద్దెనిమిదో వంతు. కానీ తంబుర నాదం ఒక్కసారి పడిపోయి మళ్లీ లేవడం చెవికి తట్టుకున్నట్టు తెలుస్తుంది. వినేవాళ్లు దీన్ని "టిక్కుమంది" అనో "జంప్ అయింది" అనో అంటారు. ఖాళీ వచ్చిందని ఎవరూ అనరు. ఆ మాటను బట్టే తప్పు ఎక్కడుందో చెప్పవచ్చు. టిక్కుమంటే ఫైలులో ఉంది, తెలిసేంతసేపు ఆగిందంటే ప్లేయర్‌లో ఉంది.

లేమ్ ఈ సమస్యను తెలివిగా దాటింది. మొదట ఎన్ని చేర్చిందో, చివర ఎన్ని నింపిందో ఆ రెండు అంకెలనూ ఫైలు తొలి ఫ్రేమ్‌లోనే రాసిపెడుతుంది. ఆ అంకెలు చదివే ప్లేయర్ మొదటి 1105 శాంపిళ్లు, చివరి 767 శాంపిళ్లు పారేసి మిగిలినవి వినిపిస్తుంది. అదే ఎంపీ3లో గ్యాప్‌లెస్. ఈ అంకెలు లేని ఫైలును ఏ ప్లేయరూ ఖచ్చితంగా అతకలేదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కచేరి ఫైళ్లు ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ కన్వర్ట్ చేసినవి కాబట్టి వాటిలో ఇవి చాలాసార్లు చెరిగిపోయి ఉంటాయి. ఇంకా చెడ్డ సంగతేమిటంటే, రెండోసారి కన్వర్ట్ చేసినప్పుడు మొదటిసారి చేరిన నిశ్శబ్దం పాటలో భాగమైపోతుంది. ఇక ఏ అంకెకూ దాన్ని తీసే శక్తి లేదు.

ఏఏసీ ఫైళ్లదీ ఇదే కథ, అంకెలు మాత్రం వేరు. ఓపస్‌లో ఎన్ని శాంపిళ్లు వదిలేయాలన్నది ఫైలు శీర్షికలో రాయడం నియమంలోనే ఉంది. ఫ్లాక్‌లో అసలు ఈ బెడదే లేదు. ఎన్ని శాంపిళ్లు లోపలికి వెళ్లాయో అన్నే బయటికొస్తాయి. కచేరి దాచుకునేవాడికి ఫ్లాక్‌ను మించినది లేదని నేను గట్టిగా చెబుతాను. శబ్ద నాణ్యత అలా ఉంచి, ఈ ఒక్క అతుకు కోసమైనా అదే వాడాలి.

క్రాస్‌ఫేడ్ తాళాన్ని ఏం చేస్తుంది

ఇప్పుడు కంఠేశ్వర్ పందిట్లో జరిగినదాన్ని లెక్కలో చూద్దాం. పల్లవి ఆదితాళంలో ఉంది. ఎనిమిది అక్షరాలు, అక్షరానికి ముప్పావు సెకండు చొప్పున ఒక ఆవర్తనం ఆరు సెకండ్లు. తని ఆవర్తనం సరిగ్గా సమం మీద మొదలయ్యేట్టు ట్రాకు కోశారు. ఫోన్‌లో క్రాస్‌ఫేడ్ 5 సెకండ్లు.

పల్లవి ట్రాకు ముగియడానికి ఇంకా 5 సెకండ్లుండగానే తని ట్రాకు మొదలవుతుంది. అప్పటికి పల్లవి చివరి ఆవర్తనం మొదలై ఒక్క సెకండే అయింది. పెద్దాయన చేయి చరుపు దాటి చిటికెన వేలి మీద ఉంది. సరిగ్గా ఆ వేలి మీదే కొత్త సమం వచ్చి పడింది. తర్వాతి ఐదు సెకండ్లూ రెండు తాళాలు ఒకదానికొకటి అక్షరంపావు పైగా ఎడంతో నడిచాయి. ఒకటి సన్నబడుతూ, ఒకటి బలపడుతూ. పాత ట్రాకు ముగిసి ఆయన చేయి సమం కొట్టే వేళకు, కొత్త ట్రాకులో తర్వాతి సమానికి ఇంకా ఒక సెకండు ఉంది. అందుకే చేయి గాల్లో ఆగింది. ఆయన తాళం తప్పలేదు, తాళంలోంచి ఐదు సెకండ్లు ఎవరో తీసేశారు.

క్రాస్‌ఫేడ్ ప్రతి అతుకు దగ్గరా తన నిడివినంతా మింగుతుంది. పన్నెండు ట్రాకుల ఆల్బమ్‌లో పదకొండు అతుకులు. ఒక్కోటి ఐదు సెకండ్లంటే 55 సెకండ్ల పాట తగ్గుతుంది. మరో 55 సెకండ్ల సేపు వినేవాడు కలగాపులగాన్ని, సగం శబ్దంలో ఉన్న పాటను వింటాడు. చాలా యాప్‌లలో క్రాస్‌ఫేడ్‌ను 12 సెకండ్ల దాకా పెంచుకోవచ్చు. అంటే ఈ కాలగతిలో రెండు పూర్తి ఆవర్తనాలు.

సరిగ్గా ఆరు సెకండ్లు పెడితే సమం మీద సమం పడుతుంది కదా అని ఒకరు నన్నడిగారు. పడుతుంది, ఒక్క అతుకు దగ్గర. కాని పాడే మనిషి కాలగతి గడియారంలా ఒకేలా ఉండదు, పల్లవి నుంచి తనికి వెళ్లేసరికి కొంచెమైనా పెరుగుతుంది. ఒకవేళ తాళం కుదిరినా పల్లవి సాహిత్యం చివరి ఆవర్తనం మృదంగం కింద మునిగిపోతుంది.

తాళం లేని చోట, అంటే ఆలాపన నుంచి తానంలోకి వెళ్లే చోట క్రాస్‌ఫేడ్ శ్రుతిని కదిలిస్తుంది. ఒకే తంబుర, ఐదు సెకండ్ల తేడాతో రెండుసార్లు వినబడుతుంది. రెండు నాదాల తరంగాలు కలిసినచోట శబ్దం ఉబ్బుతుంది, ఎదురైనచోట పల్చబడుతుంది. గుడిలో గాలికి దీపం ఊగినట్టు శ్రుతి ఊగుతుంది. ఆలాపన చివర గాయకుడు షడ్జం మీద నిలిచిన చోటే సాధారణంగా కోత పడుతుంది కనుక ఈ ఊగుడు ఎంతో బాగా వినబడుతుంది.

క్రాస్‌ఫేడ్ అన్న ఆలోచనలోనే తప్పు లేదని చెప్పడానికి మన ఊళ్లలో ఒక మంచి సాక్ష్యం ఉంది. భజన సప్తాహంలో ఏడు రోజులు నామం ఆగకూడదు. ఒక జట్టు దిగి ఇంకో జట్టు ఎక్కేటప్పుడు వచ్చేవాళ్లు ముందు చేతాళాలు కలుపుతారు, తర్వాత గొంతు కలుపుతారు, కొంతసేపు రెండు జట్లూ కలిసి పాడతాయి, ఆపైన దిగేవాళ్లు మెల్లగా తప్పుకుంటారు. ఇది అచ్చమైన క్రాస్‌ఫేడ్. ఇది కుదరడానికి కారణం, వచ్చేవాళ్లు ముందున్నవాళ్ల శ్రుతినీ తాళాన్నీ విని అందులోకి దిగడం. ఫోన్ వినదు. దానికి తెలిసినది సెకండ్ల లెక్క ఒక్కటే. డీజేలు రెండు పాటల వేగాన్ని ముందు సమం చేసుకుని, దెబ్బ మీద దెబ్బ పడేట్టు చూసి అప్పుడే కలుపుతారంటే ఈ కారణంగానే.

రికార్డింగు సిద్ధం చేసే ఇంజనీరు చేతిలో కూడా క్రాస్‌ఫేడ్ మంచి పనిముట్టే. కచేరిలో ఒక పాట తీసేయాల్సి వస్తే, దాని ముందరి చప్పట్లనూ తర్వాతి చప్పట్లనూ రెండు మూడు సెకండ్ల క్రాస్‌ఫేడ్‌తో కలుపుతాడు. చప్పట్లకు తాళం లేదు, శ్రుతి లేదు. రెండు గుంపుల చప్పట్లు కలిస్తే ఇంకో గుంపు చప్పట్లే. ఏ చెవీ పట్టలేదు. ఆ అతుకు ఒక్కసారి వేసి, మాస్టర్‌లో స్థిరపడ్డాక, ఇంట్లో వినే ప్లేయర్ దానికి ఇంకేమీ చేర్చకూడదు.

కోసే పద్ధతి

గ్యాప్‌లెస్ ప్లేయర్ కొన్నా కోత సరిగా లేకపోతే ఫలితం ఉండదు. గుడిలోనో కల్యాణమండపంలోనో చిన్న రికార్డర్ పెట్టి కచేరి పట్టుకునేవాళ్లకు తొలి కోత తెలియకుండానే పడుతుంది. చాలా రికార్డర్లు 2 గిగాబైట్లకు ఒక ఫైలు మూసి ఇంకోటి తెరుస్తాయి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియోలో పెడితే సెకండుకు 2,88,000 బైట్లు కనుక సుమారు 2 గంటల 4 నిమిషాలకు కోత పడుతుంది. మూడు గంటల కచేరిలో అది తరచు ప్రధానాంశం నడుమనే వస్తుంది. మంచి రికార్డర్ ఆ చోట ఒక్క శాంపిల్ కూడా జారవిడవదు. కనుక రెండు ఫైళ్లనూ ముందు వరుసగా ఏ ఫేడూ లేకుండా అంటించి ఒకే పొడవాటి ఫైలు చేసుకోవాలి.

శబ్దస్థాయి సవరించడం, 48 నుంచి 44.1కి మార్చడం లాంటి పనులన్నీ ఈ పొడవాటి ఫైలు మీదనే పూర్తి చేయాలి. కోశాక ఒక్కో ముక్కకూ విడిగా చేస్తే ప్రతి ముక్క అంచు దగ్గరా లెక్క తెగుతుంది, అతుకులో చిన్న చిటుకు మిగులుతుంది. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. కోసిన తొమ్మిది ముక్కలనూ వేర్వేరుగా మార్చి, తొమ్మిదింటి చివర్లలోనూ చిటుకులు విని, తప్పు ప్లేయర్‌దనుకుని వారం పోగొట్టుకున్నాను.

పై ఉదాహరణలోని ఆలాపనను 18 నిమిషాల 20 సెకండ్ల దగ్గర కోయడం ఇలా:

```
sox kacheri.wav 01.wav trim 0 48510000s
sox kacheri.wav 02.wav trim 48510000s
flac 01.wav 02.wav
```

అంకె చివర `s` ఉండటం వల్ల ఇది సెకండ్లు కాదు, శాంపిళ్లు. మొదటి ముక్క ఆగిన శాంపిల్ పక్కనుంచే రెండోది మొదలవుతుంది. ధ్వని తరంగం సున్నా దాటే చోటే కోయాలని కొందరు పట్టుబడతారు. విడిగా వినే ముక్కలకు అది అవసరం. ఒకదాని వెంట ఒకటి వినే ముక్కలకు అక్కర్లేదు, ఎందుకంటే తెగిన తరంగం తర్వాతి ముక్కలో అక్కడే అందుకుంటుంది.

సీడీ చేయాలనుకుంటే ఒక్క నియమం కలపాలి. సీడీ సెకండును 75 భాగాలు చేస్తుంది, ఒక్కో భాగంలో 588 శాంపిళ్లు. ముక్క నిడివి 588తో సరిగ్గా భాగించబడకపోతే మిగిలిన జాగా నిశ్శబ్దంతో నిండుతుంది. మన 4,85,10,000 సరిగ్గా 82,500 భాగాలవుతుంది కనుక బాధ లేదు. ఆడాసిటీలో స్నాప్ ఆన్ చేసి దాన్ని `CDDA frames` కు మార్చుకుంటే కోత ఎప్పుడూ ఈ గీతల మీదే పడుతుంది. కాల్చేటప్పుడు డిస్క్‌ను ఒకే విడతలో, అంటే డిస్క్-ఎట్-వన్స్ పద్ధతిలో కాల్చాలి. ట్రాకు వెంట ట్రాకు కాల్చితే మధ్యన రెండు సెకండ్ల ఖాళీ వచ్చి చేరుతుంది.

శబ్దస్థాయిని సమం చేసే సౌకర్యం ఇంకో పొంచివున్న ఉచ్చు. రీప్లేగెయిన్ లాంటి వాటిలో ట్రాకు లెక్క, ఆల్బమ్ లెక్క అని రెండుంటాయి. ట్రాకు లెక్కన వినిపిస్తే, మెత్తగా సాగే ఆలాపనను ప్లేయర్ పెంచుతుంది, మృదంగంతో నిండిన పల్లవిని తగ్గిస్తుంది. ఖాళీ ఏమీ ఉండదు, టిక్కు ఉండదు, కాని అతుకు దగ్గర తంబుర ఒక్కసారి రెండడుగులు వెనక్కి వెళ్లినట్టు వినబడుతుంది. ఆల్బమ్ లెక్క పెడితే మొత్తం ఒకేలా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కచేరికి అదే సరి. నిశ్శబ్దాన్ని దాటవేసే ఆప్షన్లు కూడా మూసి ఉంచాలి. అవి సన్నని తంబుర తోకను నిశ్శబ్దమనుకుని కోసేస్తాయి.

ఒక ఆల్బమ్‌లో కొన్ని ట్రాకులు 48లో, కొన్ని 44.1లో ఉంటే ఫోన్ ప్రతి మార్పు దగ్గరా ధ్వని దారిని మూసి మళ్లీ తెరవాల్సి రావచ్చు. గ్యాప్‌లెస్ అని పేరున్న ప్లేయర్ కూడా అక్కడ ఆగుతుంది.

తన ప్లేయర్ నిజంగా గ్యాప్‌లెస్సో కాదో తేల్చుకోవడానికి కచేరి అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ తంబురను రెండు నిమిషాలు రికార్డు చేసి, పై పద్ధతిలో మధ్యలో ఎక్కడో రెండు ముక్కలు చేసి, ఇయర్‌ఫోన్‌లో కళ్లు మూసుకుని వినాలి. అతుకు ఎక్కడుందో చెప్పలేకపోతే ప్లేయర్ పాస్. అదే ముక్కలను ఎంపీ3గా మార్చి మళ్లీ వింటే ఎన్‌కోడర్ సంగతీ తేలుతుంది.

ఇవేవీ కుదరని చోటుకు, ముఖ్యంగా పెన్‌డ్రైవ్ పెట్టే యాంప్లిఫయర్లకు, ఒకే మార్గం ఉంది. అసలు కోయకపోవడం. కచేరి మొత్తం ఒకే ఫైలుగా ఉంచి, ఎక్కడేముందో పక్కన ఒక చిన్న క్యూ షీటులో రాసుకోవాలి:

```
FILE "kacheri.flac" WAVE
  TRACK 01 AUDIO
    INDEX 01 00:00:00
  TRACK 02 AUDIO
    INDEX 01 18:20:00
```

ఇక్కడి మూడో జత అంకెలు సీడీ వాళ్ల 75 భాగాలే. ఫూబార్2000 లాంటి ప్లేయర్ దీన్ని చదివి ట్రాకుల జాబితాగా చూపిస్తుంది. చదవలేని యాంప్లిఫయర్‌కు అదే కచేరిని ఒకే పొడవాటి ఎంపీ3గా చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తే మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా పాడుతుంది. పందిట్లో ఆ ఆపరేటర్‌కు ఆ సాయంత్రం చేసి ఇచ్చింది ఈ పనే. పెళ్లి పాటలకు అతని క్రాస్‌ఫేడ్ అలాగే ఉంది, ఉండాలి కూడా.

కోత ముందే పడిన రికార్డులు

డిజిటల్ ఖాళీని తీసేయవచ్చు గాని, పాత మాధ్యమాలు మింగిన సంగీతాన్ని తేలేము. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది కనుక విద్వాంసులు ఆ నిడివికి కుదించే పాడారు. అక్కడ అతకడానికేమీ లేదు, అవి అలా పుట్టినవే. ఎల్పీలో ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పట్టింది. అసలు చిక్కు కచేరిలో కూర్చుని పట్టిన క్యాసెట్లది. సీ-90 ఒక వైపు 45 నిమిషాలు. ఆ తర్వాత తీసి, తిప్పి, మళ్లీ నొక్కేలోపు పోయిన పాట పోయినట్టే.

అలాంటి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి రెండు వైపులనూ కలపబోతే మొదట ఎదురయ్యేది శ్రుతి తేడా. రెండు వైపులా టేపు ఒకే వేగంతో నడిచి ఉండదు, రెండో వైపు తంబుర కాస్త పైనో కిందో ఉంటుంది. ముందు దాన్ని సరిచేయాలి. కోత ఆలాపనలో పడి, రెండు పక్కలా తంబుర మాత్రమే ఉంటే ఒకటి రెండు సెకండ్ల క్రాస్‌ఫేడ్ వేయడం న్యాయమే. అక్కడ అది ఉన్న సంగీతాన్ని మింగదు, పోయినదాని అంచులను మెత్తబరుస్తుంది. కోత తాళం మధ్యలో పడితే మాత్రం క్రాస్‌ఫేడ్ వేయకూడదు. ఎన్ని ఆవర్తనాలు పోయాయో తెలియని చోట రెండు అంచులను కలిపితే, పాడినవాళ్లు ఎన్నడూ పాడని ఆవర్తనం ఒకటి పుడుతుంది. రేపు వినే శిష్యుడు దాన్ని గురువుగారి లెక్క అనుకుంటాడు.

మా ఇంట్లో అలాంటి క్యాసెట్ ఒకటుంది. నెరవు మధ్యలో, గాయకుడు పై షడ్జానికి ఎక్కుతుండగా ఒక వైపు అయిపోతుంది. టేపు చివర బటన్ ఎగిరిన చప్పుడు, దాని ముందు మా నాన్న దగ్గు వినబడతాయి. దాన్ని ఫ్లాక్ చేసినప్పుడు ఆ వైపు చివరను అర సెకండులో తగ్గించాను, రెండో వైపును అర సెకండులో పెంచాను, మధ్యలో రెండు సెకండ్ల నిశ్శబ్దం ఉంచి, ట్రాకు పేరు పక్కన "టేపు తిప్పిన చోటు" అని రాశాను.